మెంటరుగా మనూరోడే కావాలా?

మా కంపెనీలో మెంటరింగ్ మొదలెడుతున్నాం. స్టాఫందరికీ పంపాల్సిన మెయిలు రాసే పని నాకు తగిలింది. హెచ్చార్ వాళ్ళిచ్చిన చిత్తుప్రతిలో "ఆసక్తి ఉన్నవారు సంప్రదించగలరు" అని ఒక్క ముక్కే ఉంది.

ఇలా రాస్తే ఎవరు సంప్రదిస్తారో తెలిసిందే కదా! హైదరాబాదు ఆఫీసులో రోజూ సీనియర్లతో టీ తాగేవాళ్ళు. బందరులోనో, గుడివాడలోనో, దివిసీమలో అవనిగడ్డలోనో ఇంటి నుంచి పనిచేసే జూనియర్లు మాత్రం "మనకి కాదులే" అనుకుంటారు. అందుకే అర్హత మొదటి పేరాలోనే తేల్చేశాను. ప్రొబేషను పూర్తయి, అనుభవం నాలుగేళ్ళు దాటనివాళ్ళెవరైనా సరే, ఇంటి నుంచి పనిచేసేవాళ్ళతో సహా. మేనేజరు సిఫార్సు అక్కర్లేదు. మెంటరుకి ఎనిమిదేళ్ళ అనుభవం ఉండాలి.

సమయం కూడా లెక్కగట్టి రాశాను. ఆర్నెల్లపాటు పదిహేను రోజులకో గంట, దానికి ముందు అరగంట తయారీ. పన్నెండు మీటింగులకి మొత్తం 18 గంటలు. అవి టైమ్‌షీటులో వేసుకోవచ్చని మేనేజర్ల చేత ముందే ఒప్పించాం. లేకపోతే రిలీజు వారంలో మొదట ఎగిరిపోయేది ఈ మీటింగే. వరసగా రెండుసార్లు వాయిదా పడిందంటే ఆ జంట చెడుతున్నట్టే. మూడో మీటింగు తర్వాత ఎవరైనా కారణం చెప్పకుండా తప్పుకోవచ్చని కూడా రాశాను.

అసలు పేచీ జంటలు కలపడంలో వచ్చింది. "గుడివాడ కుర్రాడికి గుడివాడ సీనియరున్నాడుగా, కలిపేద్దాం" అన్నారొకరు. కానీ ఆ సీనియరే అతని అప్రైజలు రాసేది. రేటింగిచ్చే మనిషి దగ్గర "నాకిది రాదు" అని ఎవడంటాడండీ? పైగా మనవాళ్ళలో "ఏ ఊరు?" అన్న ప్రశ్న ఊరితో ఆగదు. అందుకని ఫారంలో ఊరు అడగలేదు. ఏం నేర్చుకోవాలి, ఏ భాషలో మాట్లాడితే సుఖం, ఇష్టమైన మెంటర్లు వరసగా ఎవరు అన్నవే అడిగాం. సొంత రిపోర్టింగ్ లైనులో ఉన్నవాళ్ళు ఆ జాబితాలోనే కనపడరు. మెంటర్లు కూడా తమ వరస ఇస్తారు.

కలిపే పద్ధతి 1962లో గేల్, షాప్లీ రాసిందే. ముగ్గురితో చూద్దాం. బందరు అమ్మాయి, అవనిగడ్డ అబ్బాయి ఇద్దరూ డేటాబేస్ సీనియర్నే మొదట కోరారు. ఆయన వరసలో అమ్మాయి ముందుంది, ఆమెని ఉంచుకున్నాడు. అవనిగడ్డ అబ్బాయి తన రెండో కోరిక, క్లౌడ్ సీనియరు దగ్గరికెళ్ళాడు. అక్కడ అప్పటికే గుడివాడ కుర్రాడున్నాడు. కానీ ఆవిడ వరసలో అవనిగడ్డ అబ్బాయి పైన ఉన్నాడు. దాంతో గుడివాడ కుర్రాడు తన రెండో కోరికైన ఫ్రంట్ఎండ్ సీనియరుకి వెళ్ళాడు. అంతే, ఆగిపోయింది.

ముగ్గురిలో ఇద్దరికి మొదటి కోరిక దక్కలేదు, నిజమే. కానీ తమకి దొరికినవాళ్ళని వదిలి ఒకరినొకరు కోరుకునే జంట ఏదీ మిగల్లేదు. "నన్నెందుకు ఆవిడకివ్వలేదు?" అని గుడివాడ కుర్రాడడిగితే చూపించడానికి ఒక కారణం ఉంది. అది ఊరూ కాదు, ఇంకోటీ కాదు.