ఎనిమిదేళ్ల తర్వాత

అధ్యాయం పైన ‘ఎనిమిదేళ్ల తర్వాత’ అని రాసేస్తే, పాఠకుడికి తెలిసేది కేలండర్ మారిందని మాత్రమే. ఎవరికి ఏం మారిందో తెలియదు. పైగా ఇక్కడో చిక్కుంది. పాత్రలు ఆ ఎనిమిదేళ్లూ బతికి వచ్చినవాళ్లు. నాన్న లేకపోవడం వాళ్లకి పాత సంగతి. కాఫీ కలుపుకుంటూ ‘నాన్న పోయి అయిదేళ్లయింది కదా’ అని ఎవరూ పనిగట్టుకుని అనుకోరు. పాఠకుడికి మాత్రం ఆయన ఇప్పుడే పోయాడు.

నా నవలలో ఈ గెంతు దగ్గరికి వచ్చినప్పుడు వర్జీనియా వూల్ఫ్ ‘టు ద లైట్‌హౌస్’ (1927) మళ్లీ తీశాను. మొదటి భాగంలో ఆరేళ్ల జేమ్స్ లైట్‌హౌస్‌కి వెళ్లాలని తహతహలాడతాడు. వాతావరణం బాగుండదని తండ్రి తేల్చేస్తాడు. తర్వాత పదేళ్లు గడుస్తాయి. ఈ మధ్యలో తల్లి మరణం బ్రాకెట్లలో ఒక్క వాక్యంగా వచ్చిపోతుంది. పొట్టిగానే చెప్పినా, ఎవరు పోయారన్న సందేహం మిగలదు. మూడో భాగంలో మళ్లీ అదే ప్రయాణం. ఈసారి తండ్రే బయల్దేరదీస్తాడు, పదహారేళ్ల జేమ్స్‌కి ఇష్టం లేదు. ఇంటి దగ్గర లిలీ, అప్పట్లో తేలని బొమ్మని మళ్లీ మొదలుపెడుతుంది. గెంతుకి ముందు మిగిలిపోయిన పనులే గెంతు తర్వాత కొలబద్దలయ్యాయి.

నేను తీసుకున్న కొలబద్ద నాన్న స్కూటర్. మూడో అధ్యాయంలో సీను దాని మీద నేర్చుకోవాలని వెంటపడతాడు, అక్క ఎక్కనంటుంది, అమ్మ వెనక కూర్చుని గుడికెళ్తుంది. నాలుగో అధ్యాయం మొదటి వాక్యంలోనే నాన్న పోయిన సంగతి చెప్పేశాను. దాన్ని దాచి ఊరిస్తే, పాఠకుడు మిగతావాళ్లని చూడడం మానేసి ఆయన్నే వెతుకుతాడు. ఆ తర్వాత, చాన్నాళ్లకి ఊరొచ్చిన అక్క వరండాలో గాలిపోయిన టైర్లు చూసి అడుగుతుంది:

“తాళంచెవి ఏదమ్మా?”

“సీను దగ్గరుంది. నువ్వే అడుగు, నాతో మాట్లాడడు.”

ఎక్కనన్న అక్కే ఇప్పుడు తాళం అడుగుతోంది. ఎక్కాలన్నవాడు తాళం దాచుకుని బండి తీయట్లేదు. అమ్మకి కొడుకుతో మాటల్లేవు. ఎందుకన్నది తర్వాతి పేజీల పని.

దీనికో హద్దుంది. ముందు ఒకట్రెండు వాక్యాల్లోనే కనబడిన పక్కింటి సరోజ ఆంటీని స్కూటర్‌తో ముడిపెట్టలేం. ఆవిణ్ణి పాఠకుడు ఎప్పుడో మర్చిపోయి ఉంటాడు. పేరు, వరస చెప్పి కొత్తగా పరిచయం చేయాల్సిందే.

రాశాక ఒక స్నేహితురాలికి మూడు, నాలుగు అధ్యాయాలే ఇచ్చాను. ఎలా ఉందని అడగలేదు. ఒక్కొక్కరికీ ఏం మారిందో తలో వాక్యం చెప్పమన్నాను. చదువుతూ ఎక్కడ వెనక్కి తిప్పి చూసిందో అక్కడ పెన్సిల్ గీత పెట్టమన్నాను. సీను దగ్గర గీత లేదు. సరోజ ఆంటీ దగ్గర ఉంది. ఇవాళ ఆ పేరా మీద కూర్చున్నాను.