తీగలు తీసేశాక ఆకాశం

మంగళగిరి గాలిగోపురం పదకొండు అంతస్తులు, 153 అడుగులు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన ఆ గోపురం ఫొటో మా పత్రిక ముఖచిత్రానికి వచ్చింది. వెలుతురు బాగుంది, నీడలు బాగున్నాయి. అయితే ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా ఐదు తీగలు. మూడు కరెంటువి, రెండు కేబుల్‌వి. ‘‘బెజవాడలో ఒకాయన ఉన్నాడు, ఆయన చేతే తీయించు. పక్కనే కూర్చుని చూసి రాసుకురా’’ అన్నారు మా సంపాదకులు.

గవర్నర్‌పేటలో మేడ మీద ఆల్బమ్ ల్యాబ్. పెళ్లిళ్ల రోజులు కావడంతో కంప్యూటర్లన్నిటి ముందూ కుర్రాళ్లు కూర్చుని పనిచేస్తున్నారు. వాళ్లందరూ ‘బాబాయ్’ అని పిలిచే మనిషి కిటికీకి వీపు పెట్టి మూలన కూర్చుంటాడు, వెలుతురు తెర మీద పడకుండా. అరవై దాటిన వయసు. నేను వెళ్లేసరికి ఒక కుర్రాడిని నిలబెట్టి అడుగుతున్నాడు: ‘‘తీగ తీశావు సరే. తీగ పోయిన చోట ఈ మసక మరక ఎవరిదిరా?’’

‘‘ఆకాశమే కదా బాబాయ్, అక్కడ ఏముందని?’’

బాబాయి కోప్పడలేదు. ఆ ఫొటోని నూరు శాతానికి పెంచి చూపించాడు. కంటికి నున్నగా కనిపించే నీలంలో దగ్గరికి వెళితే సన్నటి రేణువులు ఉన్నాయి, కెమెరా సెన్సర్ వల్ల వచ్చేవి. కుర్రాడు బ్రష్ తిప్పిన దారి పొడవునా ఆ రేణువులు లేవు. రంగు సరిగ్గానే కలిసింది, గరుకు పోయింది. తీగ ఉన్న చోట ఇప్పుడు తీగ ఆకారంలోనే ఒక నున్నటి చార ఉంది.

ఎందుకు పోతుందో ఆయన చెప్పిన తీరు నాకు నచ్చింది. అంచులు బాగా మెత్తగా ఉన్న బ్రష్‌తో పక్కనున్న ఆకాశాన్ని తెచ్చి తీగ మీద వేస్తే, అంచుల దగ్గర పాత రేణువులు సగం, కొత్తవి సగం కలుస్తాయి. ఒకదానికొకటి సంబంధం లేని రెండు గరుకులు సగం సగం కలిస్తే మిగిలే గరుకు డెబ్బై శాతమే. చాలలేదని దాని మీదే మళ్లీ బ్రష్ తిప్పితే ఇంకా తగ్గుతుంది. అందుకే ఆయన పద్ధతిలో ఒక చోట ఒకేసారి. తప్పు పడితే వెనక్కి తీసుకుని మళ్లీ వేస్తాడు, తప్పు మీద ఇంకో పూత వేయడు.

మా ఫొటో తెరిచి, అసలు చిత్రాన్ని ముట్టకుండా దాని మీద ఖాళీ లేయర్ పెట్టాడు. శాంపిల్ దగ్గర `Current & Below` ఎంచుకున్నాడు. తరువాత తీగని కొలిచాడు. నల్లటి భాగం ఏడు పిక్సెళ్లు. దాని రెండు పక్కలా మూడేసి పిక్సెళ్ల తెల్లటి అంచు ఉంది. కెమెరా బొమ్మకి పదును పెట్టినప్పుడు నల్ల గీత పక్కన అలాంటి తెలుపు పుడుతుంది. చాలామంది నలుపు వరకే తీసి ఊరుకుంటారు. తీగ పోతుంది కానీ దాని తెల్లటి అంచులు రెండూ ఆకాశంలో జంట గీతల్లా మిగిలిపోతాయి. బాబాయి బ్రష్ ఇరవై పిక్సెళ్లు పెట్టాడు, అంచు మరీ మెత్తగా కాకుండా.

తీగ తిన్నగా ఉండదు, మధ్యలో కాస్త వేలాడుతుంది. ఒక చోట క్లిక్ చేసి, షిఫ్ట్ నొక్కి పట్టుకుని ఇంకాస్త దూరంలో క్లిక్ చేస్తే ఆ రెండింటి మధ్య బ్రష్ సూటిగా నడుస్తుంది. వంపు తక్కువున్న చోట పొడుగు అంగలు, ఎక్కువున్న చోట పొట్టివి. చేతి వణుకుకి అందులో చోటు లేదు.

ఖాళీ ఆకాశంలో ఆయన వాడింది హీలింగ్ బ్రష్. అది మనం చూపించిన చోటి గరుకుని తీసుకుని, రంగు, వెలుగు మాత్రం చుట్టుపక్కల నుంచి తీసుకుంటుంది. ఆకాశం పైన ముదురు, కిందికి వచ్చే కొద్దీ లేత కాబట్టి ఆ గుణం అవసరం. దానిలో `Replace` అనే మోడ్ ఉంది. బ్రష్ అంచుల్లో రేణువులు చెదరకుండా ఉండటానికి ఆయన దాన్నే పెడతాడు.

గోపురం దగ్గరికి రాగానే ఆగిపోయాడు. ఏ పనితనం కోసం నన్ను ఇక్కడికి పంపారో అప్పుడు తెలిసింది. హీలింగ్ బ్రష్ చుట్టూ ఉన్నదాన్ని బట్టి రంగు నిర్ణయిస్తుంది కదా, పక్కన గోపురం ఉంటే దాని బూడిద రంగుని ఆకాశంలోకి లాగుతుంది. గోపురం అంచుకి పొగ పట్టినట్టు అవుతుంది. అందుకని అంచుకి కొంచెం దూరంలోనే అది వదిలేసి క్లోన్ స్టాంప్ తీసుకున్నాడు. అది ఉన్నది ఉన్నట్టు తెచ్చి పెడుతుంది, రంగు సర్దదు. సర్దదు కాబట్టి ఎక్కడి నుంచి తెస్తున్నామన్నదే ముఖ్యం. ఇక్కడ తీగ వాలుగా ఉంది. పై నుంచి తెస్తే ముదురు నీలం వస్తుంది. ఆయన అదే ఎత్తులో పక్కకి జరిగి తెచ్చాడు. ఒకే ఎత్తులో ఉన్న ఆకాశానికి వెలుగు దాదాపు ఒకటే. గోపురం మీదికి బ్రష్ పోకుండా ముందే దాని అంచు వెంట సెలెక్షన్ గీసి పెట్టుకున్నాడు.

అయిపోయాక పైన ఒక కర్వ్స్ లేయర్ వేసి గీతని ఎత్తుపల్లాలుగా వంచేశాడు. ఆకాశం వింత రంగుల పట్టీలైంది. మామూలుగా కంటికి ఆనని తేడాలు అందులో మెట్లలా పైకి లేస్తాయి. రెండో తీగ దారిలో ఒక చోట చిన్న మెట్టు కనబడింది. అంతవరకు చెరిపి మళ్లీ చేసి, ఆ లేయర్ తీసేశాడు. తరువాత నూరు శాతంలో ఒకసారి, బొమ్మని అరచేతి అంత చేసి ఇంకోసారి చూశాడు. గరుకు తేడా దగ్గర నుంచే తెలుస్తుంది, వెలుగు తేడా దూరం నుంచే తెలుస్తుంది.

కుర్రాళ్లలో ఒక్కరూ ఇలా చూడటం నాకు కనబడలేదు. తప్పు వాళ్లదని నేను అనను. ఫొటోకి ఇంత అని కూలి. చూసినందుకు ఎవరూ పైసా ఇవ్వరు. బాబాయి స్టూడియోలో నేర్చుకున్న రోజుల్లో తీగ నెగటివ్ మీద తెల్లటి దారంలా ఉండేదట. నెగటివ్ మీద మందు రాసి, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో ఆ దారాన్ని నింపేవాళ్లు. గీత గీయనిచ్చేవాడు కాదట వాళ్ల గురువు, చుక్కలే పెట్టాలి. ఫిల్ములో గరుకు ఉంది కాబట్టి చుక్కలు అందులో కలిసిపోతాయి. పెన్సిల్ పోయింది, పని అదే. కానీ ఆ రోజుల్లో తడి ప్రింటుని వెలుతురులోకి తెచ్చి గురువు చూడనిదే గిరాకీ చేతికి వెళ్లేది కాదు. సాఫ్ట్‌వేర్ మారినందుకు నాకు బాధ లేదు. ఆ చూసే మనిషికి ల్యాబ్‌లో జీతం లేకుండా పోయిందన్నదే నా బాధ.

గోపురం మీద తీగలు మిగిలాయి. వాటి వెనక శిల్పాలున్నాయి. ‘‘ఇక్కడ ఎక్కడి నుంచి తెచ్చినా అబద్ధమే సార్. ఫొటో తీసినాయన రెండడుగులు పక్కకి జరిగి ఇంకోటి తీశాడేమో కనుక్కోండి’’ అన్నాడు. ఫోన్ చేశాను. ఉంది. తీగ దగ్గర, గోపురం దూరం. మనిషి రెండడుగులు జరిగితే గోపురంతో పోల్చితే తీగ చాలా జరుగుతుంది. మొదటి ఫొటోలో తీగ కప్పిన శిల్పం రెండో ఫొటోలో బయటపడుతుంది. రెండో ఫైల్‌ని పక్కన తెరిచి, కొలత సరిపెట్టి, అక్కడి రాతిని ముక్క ముక్కగా ఇక్కడికి తెచ్చాడు. మొత్తం బొమ్మ ఒకదాని మీద ఒకటి సరిపోదు, చిన్న ముక్కలు సరిపోతాయి.

ఒక్క చోట రెండు ఫొటోల్లోనూ ఏదో ఒక తీగ ఒకే శిల్పం ముఖం మీదుగా పోయింది. ‘‘ముఖం నేను గీయను’’ అన్నాడు. నేనూ అడగలేదు. సంపాదకులకి విషయం చెప్పాను. చిటికెన వేలి గోరంత ఆ తీగ ముక్కని అలాగే ఉంచి ముఖచిత్రం అచ్చుకి పంపాం.