మేత బాగా తింటున్నా చిక్కిపోయే ఆవు

మనవాళ్ళలో గుడియాత్తం పక్క పల్లెల్లో ఆవులు, మేకలు పెట్టుకున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాము.

మా బామ్మర్దికి నాలుగు ఆవులు, ఏడు మేకలు. అందులో ఒక జెర్సీ ఆవును రెండేళ్ళ ముందు పొయ్‌గై సంతలో కొన్నాడు. అది మూడో ఈత ఈనినాక నీళ్ళలాగా పారడం మొదలుపెట్టింది. జ్వరం లేదు, పేడలో రక్తం లేదు. కో-4 గడ్డి, తవుడు, శెనక్కాయ చెక్క ఎంత పెట్టినా తినేస్తుంది, అయినా పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. పురుగుల మందు రెండుసార్లు తాపినారు. మాత్ర వేస్తే నాలుగు రోజులు ఆగేది, మళ్ళీ పారేది. కడకు దవడ కింద నీరు దిగి సంచిలాగా వేలాడింది.

పశువుల డాక్టరు పేడ, పేగు చివర గీకిన పొర తీసి రంగు వేసి చూస్తే ఎర్ర క్రిములు గుంపులుగా కనిపించాయి. జోన్స్ జబ్బు. క్షయ క్రిమికి దాయాది. 1895లో జర్మనీలో జోనే అనే ఆయన మొదట గుర్తించినాడు. పేగు గోడ మందమై ముడతలు పడుతుంది, తిన్న సారం ఒంటికి పట్టదు, ఒంట్లోని మాంసకృత్తులు పేగులోకి కారిపోతాయి. అందుకే ఆ వాపు. దీనికి నయం చేసే మందు లేదు.

ముఖ్యమైన సంగతి ఏమంటే, క్రిమి దూరేది దూడప్రాయంలో, పేడ అంటిన చన్ను చీకినప్పుడు, లేదా పాలల్లోనే. బయటపడేది రెండు మూడేళ్ళకో, ఇంకా ఆలస్యంగానో. అంటే ఆ ఆవు సంతకు వచ్చేటప్పుడే క్రిమిని మోసుకొని వచ్చుండొచ్చు. దళారి ఒకడు మంచి బేరమే చెప్పినాడు గానీ మా బామ్మర్ది అమ్మలేదు. ఇంకొకరి కొట్టంలోకి తోలినట్టే కదా. చింతచెట్టు కింద వేరుగా కట్టి, చచ్చినాక సున్నం వేసి పూడ్చినాడు.

మేకల్లో మోసం ఎక్కువ. చాలావాటికి పారుడే ఉండదు, పెంటికలు మామూలుగానే పడతాయి, ఒళ్ళు మాత్రం కరిగిపోతుంది. పురుగులని అనుకుంటారు. ఒకే తొట్టిలో నీళ్ళు తాగినవి గనక ఏడింటికీ రక్తపరీక్ష చేయిస్తే రెండింట్లో తేలింది. వాటిని మందలోనుంచి తీసేసినారు.

ఇప్పుడు వాళ్ళింట్లో ఆవు ఈనేటప్పుడు పొదుగు కడిగి, దూడను వెంటనే వేరే శుభ్రమైన చోట పెడతారు. పరీక్షలో బాగున్న ఆవు ముర్రుపాలే పిండి తాపుతారు, ఆలస్యం చెయ్యకుండా. నీళ్ళ తొట్టి పేడ పడని ఎత్తులో కట్టించినారు. క్రిమి మట్టిలో ఏడాది దాకా బతుకుతుంది గనక, దూడలకు కోసే గడ్డి మడికి ఆ కొట్టం పేడ వెయ్యరు. పెద్ద పశువులకు ఏటా పరీక్ష. చిన్నవాటికి చేస్తే ఏమీ లేదని వస్తుంది, దాన్ని నమ్మకూడదు. పెద్దవాటిలోనూ ఒక్కసారి లేదని వస్తే తేలిపోయినట్టు కాదు. మధుర దగ్గర మఖ్దూం మేకల పరిశోధన సంస్థవాళ్ళు టీకా చేసినారు. అది జబ్బును తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు, క్షయ పరీక్షను తికమక పెడుతుంది. డాక్టరును అడిగే వేయించాలి.

రైల్వేలో లెడ్జరు రాసిన చెయ్యి ఊరుకోదు గదా, ఏ దూడ ఏ ఆవుది, ఏది ఎక్కడ కొన్నది అని వాళ్ళకొక నోటు పుస్తకం వేసిచ్చినాము. ఆ ఆవు కడపటి పెయ్యకు ఎర్ర సిరాతో గుర్తు పెట్టినాము: దీన్ని ఈనించకూడదు, అమ్మకూడదు.