శనివారం తెల్లవారితే...

మా బంధువుల శ్రీశైలం యాత్రకు ప్రయాణ పట్టిక నేనే రాశాను, పిల్లలకు ఇంగ్లిష్‌లో, పెద్దలకు తెలుగులో. హైదరాబాద్‌లో శుక్రవారం రాత్రి 8కి బయలుదేరాలని మొదట వేశాను. వ్యాన్ డ్రైవర్ చూసి, "మేడమ్, పులుల అడవి కదా, మన్ననూరు గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు" అన్నాడు. అక్కడికే మూడు గంటల దారి!

తెల్లవారుజామున 4కి మార్చాను. ఇంగ్లిష్‌లో "శాటర్‌డే, 4 ఏఎం" అంటే సరిపోయింది. తెలుగులో "శనివారం తెల్లవారితే ప్రయాణం" అని రాశాను. పెద్దమ్మ ఫోన్ చేసి, "శనివారం పగలంతా ఉందిగా, అప్పుడు సర్దుకుంటాలే" అంది. ఆవిడ లెక్కలో అది ఆదివారం!

మళ్లీ రాశాను: "శుక్రవారం రాత్రే బట్టలు సర్దుకుని పడుకోండి. 3కి లేవండి. 4కి వ్యాన్ కదులుతుంది." ఏడింటికి గేటు దాటాం. పెద్దమ్మ కిటికీ పక్కనే కూర్చుంది.