తరుగు

మా బాబాయికి తెనాలిలో మినప్పప్పు మిల్లుంది. రెండు సీజన్లు శని, ఆదివారాలు అక్కడ పనిచేశాను. పనంటే వచ్చిన లోడు కాటా వేయించడం, తేమ చూడడం, పుస్తకంలో రాయడం. మిల్లులో ఆయన్ని "బాబాయ్" అనాలా, అందరిలాగా "సార్" అనాలా అన్నది మొదటిరోజు తేలలేదు. ఆఖరిరోజుకీ తేలలేదు. అసలు గొడవంతా అక్కడే ఉందని తర్వాత అర్థమైంది.

సరుకు పంపేది రేపల్లె మావయ్య, అంటే పిన్నికి సొంత తమ్ముడు. పప్పు తీసుకెళ్లి అమ్మేది బాపట్ల మావయ్య, మా మేనత్త భర్త. కొనేవాడూ అమ్మేవాడూ మధ్యవాడూ అందరం ఒకే పెళ్లి ఫొటోలో ఉంటాం.

మన డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందే చేలో మినుములు చల్లేస్తారు. భూమిలో మిగిలిన తడి మీద, మంచు మీద పంట పండుతుంది. నూర్చాక ఎన్నాళ్లు ఎండబెట్టారన్నదాన్ని బట్టి గింజలో తేమ ఉంటుంది. తేమ ఎక్కువైతే పొట్టు సరిగ్గా ఊడదు, పైగా నీళ్లకి కూడా పప్పు ధర కట్టినట్టు అవుతుంది. అందుకే తూకంలో కొంత కోస్తారు. అదే తరుగు.

మార్చిలో ఒక శనివారం రేపల్లె నుంచి 50 క్వింటాళ్లు వచ్చింది. మీటర్ 14 శాతం చూపించింది. మా మిల్లు ఒప్పుకునేది 12. లెక్క చాలా చిన్నది. 5,000 కిలోల్లో 14 శాతం నీళ్లంటే మిగిలిన గింజ 4,300 కిలోలు. అదే గింజ 12 శాతం తేమతో ఉంటే బరువు 4,300ని 0.88తో భాగిస్తే వస్తుంది, సుమారు 4,886. అంటే న్యాయమైన తరుగు 114 కిలోలు. బాబాయి 150 కోశాడు.

తేడా 36 కిలోలు. ఆరోజు మేం కట్టిన ధర క్వింటాకు 8,000, అంటే 2,880 రూపాయలు. లోడు విలువ దాదాపు నాలుగు లక్షలు. అందులో ఇదెంత?

ఫోన్లో మావయ్య అన్న మాట స్పీకర్లోంచి నాకు వినబడింది: "నువ్వు కోసింది తేమ కాదు బావా. మా పాప ఓణీల ఫంక్షన్లో నీకు బట్టలు సరిగ్గా పెట్టలేదని కోశావు."

బాబాయి కాదనలేదు. "ఆ సంగతి ఇప్పుడెందుకు?" అన్నాడు. ఆరోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. లోడ్లు మాత్రం వస్తూనే ఉన్నాయి. మధ్యలో పిన్ని నలిగింది. "వాడికి చెప్పు, గోనెసంచులు తిరిగి పంపమని" అని ఈయన, "బావకి చెప్పక్కా, పాత బాకీ తీర్చమని" అని ఆయన. కాటా దగ్గర తేలాల్సిన విషయం వంటింట్లోకి వచ్చింది.

బాబాయి మనసులో ఇంకోటి కూడా ఉంది. మిల్లులో నాన్నకి సగం వాటా. నాన్న ఊళ్లో వ్యవసాయం చూసుకుంటాడు, మిల్లు మొత్తం బాబాయే మోస్తాడు. జీతం గురించి కాగితం మీద ఏమీ రాసుకోలేదు. 1932 నాటి భాగస్వామ్య చట్టం 13వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే పనిచేసిన భాగస్తుడికి విడిగా జీతం రాదు, లాభం సమానంగా పంచుకోవాలి. "అన్నయ్యని జీతం అడుగుతామేంట్రా" అనేవాడు బాబాయి. అన్నని అడగలేనిది ఎక్కడో ఒకచోట బయటికి వస్తుంది కదా. బామ్మర్ది తూకంలో వచ్చింది.

ఇలాంటి గొడవ మొదలైందని పట్టుకోడానికి నాకు ఒక గుర్తు దొరికింది. అంకె అడిగితే జవాబుగా ఎప్పుడో జరిగిన సంఘటన వస్తుంది. "150 ఎందుకు?" అంటే "వాడి సంగతి నీకు తెలీదు" అని. బాపట్ల మావయ్యని పప్పు బాకీ ఎంతని అడిగితే తాతయ్య ఇంటి పంపకం కథ మొదలవుతుంది.

మరుసటి సీజన్లో ఒక పని చేశాం. లోడు దిగగానే పైన, మధ్యలో, అడుగున ఉన్న బస్తాల్లోంచి గింజలు తీసి కలిపి, మావయ్య పంపిన మనిషి ఎదురుగానే మూడుసార్లు తేమ చూడడం. మీటర్ మినుములకే పెట్టి ఉందా అని ముందే చూసుకోవడం, ఎందుకంటే వేరే పంటకి పెట్టి ఉంటే అంకె తప్పొస్తుంది. సగటు, తరుగు చీటీ మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టడం. ధర మాట ఆ తర్వాతే. బాబాయి మొదట "మనలో మనకి చీటీలేంట్రా" అన్నాడు. పిన్ని, "ఉండనీండి, నాకు ఫోన్లు తగ్గుతాయి" అంది. అంతే, ఒప్పుకున్నాడు.

తరుగు గొడవలు ఆగాయి. బావా బామ్మర్దులు కలిసిపోయారా అంటే, లేదు. బట్టల సంగతి అలాగే ఉంది. కాకపోతే ఇప్పుడది బట్టల సంగతిగానే ఉంది, మినుముల్లో కలవడం లేదు. నాన్నా బాబాయిల మధ్య రాయాల్సిన కాగితం మాత్రం ఇంకా ఎవరూ రాయలేదు. దానికి తేమ మీటర్ లాంటిదేదీ దొరకలేదు.