చెంబు ఎవరిది?

మా అమ్మాయి స్కూలు యాన్యువల్ డేకి "కన్యాశుల్కం"లోంచి కొన్ని సీన్లు వేశారు. ఆఫీసులో రోజంతా ఎక్సెల్ షీట్లతోనే ఉంటాను కదా అని తెర వెనక సామాను లిస్టు నాకు అప్పజెప్పారు. మొత్తం 62 వస్తువులు.

మొదట సీన్ల వారీగా రాశాను. మొదటి రిహార్సల్‌కే ఆ లిస్టు బోల్తా కొట్టింది. రెండో అంకంలో అగ్నిహోత్రావధాన్లు విస్తరి ముందు నుంచి లేచి, చెంబులో నీళ్ళు కరటకశాస్త్రి నెత్తిన కుమ్మరిస్తాడు. ఆ శాస్త్రే తర్వాతి సీన్లో పొడి బట్టలతో రావాలి. నా లిస్టులో మాత్రం "ఉత్తరీయం - 1" అనే ఉంది. ఏ సీన్లో ఏం కావాలో అది చెబుతోంది గానీ, రెండు సీన్ల మధ్య ఒక పిల్లాడి మీద ఏం మారాలో చెప్పడం లేదు.

అందుకని ఒక్కో పిల్లాడికి ఒక్కో చీటీ రాశాం. ఏం విప్పాలి, ఏం కట్టాలి, స్టేజీకి ఏ పక్కన, సాయం ఎవరు, టైమెంత. శిష్యుడు ఆడపిల్ల వేషంలోకి మారడానికి దొరికింది మధ్యలో పెట్టిన పాట మాత్రమే, రెండు నిమిషాలు. పంచె విప్పకుండా దాని మీదే పరికిణీ, బొందుకి బదులు వెల్క్రో, జడ ముందే కుట్టేసిన విగ్గు. స్టాప్‌వాచ్ పెట్టి మూడుసార్లు చేయిస్తే గానీ కుదరలేదు.

ఇక "ఎవరిది" అనే గడి. అద్దె షాపు వాటికి ఎర్ర దారం, స్కూలు వాటికి పసుపు, ఇళ్ళ నుంచి వచ్చినవాటికి తెల్ల దారంతో పాటు పేరు రాసిన చీటీ. ఇత్తడి చెంబు స్టాఫ్ రూములో కనిపించింది కాబట్టి పసుపు దారం కట్టేశాను. ఎవర్నీ అడగలేదు.

ఆ రాత్రి అద్దె మూటలు లెక్కపెట్టి పంపేసి, స్కూలువి స్టోర్ రూములో పెట్టి తాళం వేసేసరికి 62 గళ్ళలోనూ టిక్కులు పడ్డాయి. చెంబు స్టేజీ మీద కింద పడి సొట్టపోయింది. పక్కన "సొట్ట, ఫర్వాలేదు" అని రాశాను.

నాలుగు రోజుల తర్వాత, అమ్మాయిని దింపడానికి వెళ్తే గేటు దగ్గర ఆయమ్మ ఆపింది.

"సార్, మా అమ్మ చెంబు ఇంకా ఇయ్యలేదు."

రిహార్సళ్ళు మొదలైన రోజు టీచరెవరో అడిగితే ఇంటి నుంచి తెచ్చిందట. స్టోర్ తాళం తీయించి ఇచ్చాను. సొట్ట మీద వేలితో రాసి, ఏమీ అనకుండా కొంగులో చుట్టుకుంది. ఆ సొట్టకి ఫర్వాలేదో కాదో చెప్పాల్సిన మనిషి ఆమె. నేను కాదు.

ఆ ఆదివారం చెంబు అడిగి తీసుకెళ్ళి సొట్ట తీయించాను. కాస్త జాడ మిగిలింది. వచ్చే ఏడాది కోసం షీటులో రెండు మార్పులు చేశాను. "ఎవరిది" గడి సామాను తెచ్చినవాళ్ళు చేతికిచ్చినప్పుడే నింపాలి. చివర్న "తిరిగిచ్చాం" అని మేం పెట్టే టిక్కు తీసేసి, "అందింది" అని వాళ్ళు సంతకం పెట్టే గడి చేర్చాను.