నెత్తురు తిరిగొచ్చే దానం

వానాకాలం చివర డెంగీ జ్వరాలు ముదిరితే, "కరీంనగర్ దవాఖానాల మనోడున్నడు, ప్లేట్‌లెట్లు ఇచ్చేటోళ్లు కావాలె" అని మా ఉట్నూరు వైపు ఫోన్లు వస్తాయి. మామూలు రక్తదానం నాలుగుసార్లు చేశాను. ప్లేట్‌లెట్లు ఒకసారి ఇచ్చాను. రెండూ ఒకటే అనుకునే యువకుల కోసం ఆ తేడా రాస్తున్నాను.

రక్తదానంలో 350 లేదా 450 మిల్లీలీటర్ల రక్తం పది నిమిషాల్లో సంచిలోకి పోతుంది. అందులోని నీరు ఒకటి రెండు రోజుల్లో మళ్లీ చేరుతుంది. కానీ ఎర్రకణాలు నిండడానికి వారాలు, వాటితో పోయిన ఇనుము నిండడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. అందుకే మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి.

ప్లేట్‌లెట్ల దానంలో రక్తం గొట్టం ద్వారా మిషన్‌లోకి వెళ్తుంది. అది గిర్రున తిప్పితే బరువును బట్టి పొరలు విడిపోతాయి. ప్లేట్‌లెట్లను, కొంత ప్లాస్మాను ఉంచుకుని, ఎర్రకణాలను మళ్లీ మన నరంలోకే పంపుతుంది. ప్లాస్మా దానం కూడా ఇంతే, అక్కడ ప్లాస్మాను ఉంచుకుంటుంది. ఎర్రకణాలు మనకే దక్కుతాయి కాబట్టి ఇనుము పెద్దగా పోదు. ప్లేట్‌లెట్లు కొద్ది రోజుల్లోనే నిండుతాయి.

దీనికి సమయం ఎక్కువ. సూదితో గంట, గంటన్నర పడుకోవాలి. దానికి ముందే రక్తపరీక్షలు చేసి, ప్లేట్‌లెట్లు లక్షన్నరకు తగ్గకుండా ఉన్నాయా అని చూస్తారు. మూడు రోజుల్లోపు ఆస్పిరిన్ మింగినవాళ్లు పనికిరారు. నరం సన్నగా ఉన్నా వద్దంటారు.

నాకు అరగంటకు పెదవుల చుట్టూ చీమలు పాకినట్టయింది. "సిస్టర్, మూతి తిమ్మిరెక్కుతాంది" అన్నాను. ఆమె మిషన్ వేగం తగ్గించి, క్యాల్షియం బిళ్ల ఇచ్చింది. రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ కొంత మన ఒంట్లోకి వచ్చి క్యాల్షియాన్ని పట్టేస్తుంది, అందుకే ఆ తిమ్మిరి. మామూలు రక్తదానంలో ఇది ఉండదు. ఓర్చుకుని ఊరుకోకుండా వెంటనే చెప్పాలి. చెప్పకపోతే కండరాలు పట్టేయవచ్చు.

రెండు ప్లేట్‌లెట్ దానాల మధ్య 48 గంటలు చాలు. అయితే వారానికి రెండుసార్లు, ఏడాదికి 24 సార్లు దాటకూడదు. ఏదైనా కారణంతో మిషన్ మధ్యలో ఆగి ఎర్రకణాలు తిరిగి రాకపోతే మాత్రం రక్తం ఇచ్చినట్టే లెక్క, 90 రోజులు ఆగాలి.

మా వాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇంకో లెక్క తెలియక. మా బడిలో చదివిన ఒక పిల్లవాడు క్యాంపులో రక్తం ఇచ్చిన పన్నెండో రోజున, ప్లేట్‌లెట్ల కోసం పొద్దున్నే బస్సెక్కి కరీంనగర్ వెళ్లాడు. రక్తం ఇచ్చాక ప్లేట్‌లెట్లకు 28 రోజులు ఆగాలని చెప్పి వెనక్కి పంపారు. రోగికి మరొకరిని వెతకడంలో సగం రోజు పోయింది. అందుకే ఫోన్ వస్తే బస్సెక్కకముందే రెండు మాటలు తేల్చుకోండి: వాళ్లడిగేది రక్తమా, ప్లేట్‌లెట్లా? మనం ఆఖరిసారి ఏది, ఎప్పుడు ఇచ్చాం?